కత్తుల పది ఎక్కడ పడింది?

పోయినవారం అక్క కోసం బల్ల మీద పరిచిన కార్డుల మీది గుడ్డని చిన్నది ఇవాళ, పెద్దమ్మ ఇంట్లో లేని సమయం చూసి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ చెయ్యి ఇంకా దించలేదు.

రిహార్సల్ మధ్యలో పైన తెర తాడుకి బరువుగా కట్టిన ఇసుక మూట జారి నర్తకి నడుము మీద పడి ఇరవై రోజులైంది. ఆ పిల్ల ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంది. తాళ్ళ పని చూసే మామయ్యను నాటకశాలవాళ్ళు పనిలోంచి ఆపేశారు. అదే నాటకశాలలో దుస్తుల గది చూసే అక్క, "నేను చూసింది ఒకటుంది, విచారణలో చెబుతాను" అని ఒక్క మాటంది. అన్న మరునాటి నుంచీ నోరు కుట్టేసుకున్నట్టు తిరుగుతోంది. చెప్పమని ఒకళ్ళు, వద్దని ఒకళ్ళు. చివరికి ముప్పై ఏళ్ళుగా టారో కార్డులు పరిచి జోస్యం చెబుతున్న పెద్దమ్మ దగ్గర కూర్చుని, కార్డులు ఏమంటే అదే అందరూ ఒప్పుకోవాలని తేల్చుకున్నారు.

కార్డులు వద్దన్నాయి. "నడుమ కత్తుల పది పడింది. నోరు విప్పితే నాశనం" అని పెద్దమ్మ చెప్పింది. ఆ రాత్రి అక్క అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

పెద్దమ్మకో పద్ధతి ఉంది. అడిగిన విషయం తేలేదాకా కార్డులు ఎత్తదు. పడినవి పడినట్టే ఉంచి పైన బరువైన గాజు పలక పెడుతుంది, దాని మీద గుడ్డ కప్పుతుంది. ఇప్పుడా గాజు కింద చిన్నదానికి కనిపిస్తున్నవి: ఎడమన కత్తుల పది, బోర్లా పడ్డ మనిషి వీపులో పది కత్తులు. కుడిన నక్షత్రం, రెండు కూజాలతో నీళ్ళు వంచుతున్న ఆడమనిషి. నడుమ మాత్రం కత్తులు లేవు. తలకి ఆకుల దండ చుట్టుకుని గుర్రమెక్కి వస్తున్న మనిషి. కర్రల ఆరు. గెలుపు కార్డు.

కార్డులు అవే మూడు. కూర్చున్న చోట్లే వేరు.

ఎవరైనా తర్వాత మార్చారా అని పలక అంచు చుట్టూ వేలు పెట్టి చూసింది. బల్ల మీద పేరుకున్న దుమ్ము పలక వారనే గీత గీసినట్టు ఆగి ఉంది. ఎవరైనా ఎత్తి ఉంటే ఆ గీత చెదిరేది. ఆ రోజు నుంచీ ఈ గాజు కదల్లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గుడ్డ దించే వ్యవధి లేదు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో మందుల సంచి. కింద ఇస్త్రీ దుకాణంలో ఆవిరి పెట్టె బుసకొట్టింది.

"ఎవరదీ?" అంది.

నాలుగడుగుల దూరంలో నిలబడ్డదాన్ని పట్టుకుని ఎవరని అడగడమేమిటని చిన్నదానికి ఆ క్షణాన తట్టలేదు. లోపల ఉడుకుతున్న కోపం తట్టనివ్వలేదు.

"నేనే పెద్దమ్మా."

"నువ్వా! ఇవాళ దుకాణం లేదూ? కళ్ళద్దాలు అరగదీసేవాళ్ళు లేక ఊళ్ళో సగంమంది గుడ్డివాళ్ళై తిరుగుతారే."

"సెలవు పెట్టాను. మూడింటికి విచారణ కదా." గొంతు మామూలుగానే ఉంచింది. "వెళ్ళేముందు అక్క కార్డుల సంగతి ఇంకోసారి చెబుతావా? నేర్చుకుందామని."

పెద్దమ్మ సంచి గూట్లో పెట్టి కుర్చీ వెనుక భాగం తడిమి కూర్చుంది. "నేర్చుకోవడానికేముంది, చిన్నప్పుడే నీకు నూరిపోశాను. సరే, విను. కార్డు నిటారుగా పడిందా, తలకిందులుగా పడిందా అన్నది నేను చూడను. దాని ఇరుగుపొరుగు చూస్తాను. మనిషి మంచివాడే కావచ్చు, పక్కింటివాడితో పడకపోతే ఆ ఇంట్లో మంచి ఎంతసేపుంటుంది?"

"కర్రలు నిప్పు, కప్పులు నీళ్ళు, కత్తులు గాలి, నాణేలు మట్టి," అంది చిన్నది, బడిపిల్లలా.

"ఆఁ. నిప్పుకీ నీళ్ళకీ పడదు. గాలికీ మట్టికీ పడదు. ఆ రెండు జతలే శత్రువులు, పక్కపక్కన పడితే ఒకదాని బలం ఒకటి లాగేస్తుంది. మిగతావి ఏవి కలిసినా స్నేహం, ఒకటి ఇంకోదానికి చెయ్యి అందిస్తుంది. అదే జాతివి రెండు పక్కపక్కన పడితే మరీ బలం. అయితే బలం వేరు, మంచి వేరు. మంచి కార్డుకి బలమొస్తే మంచి పెరుగుతుంది, చెడ్డదానికొస్తే చెడు పెరుగుతుంది."

"మరి అక్కకి?"

పెద్దమ్మ మూడు వేళ్ళు బల్ల అంచున ఆనించింది. నడిమి వేలు ఆడించింది. "మూడు కార్డుల్లో నడిమిదే విషయం. అటూ ఇటూ ఉన్నవి దాన్ని మోసేవి, లేదా తొక్కేవి. నడుమ కత్తుల పది. అంటే గాలి, సర్వనాశనం. ఎడమన కర్రల ఆరు, నిప్పు. నిప్పుకీ గాలికీ స్నేహం కనక నాశనానికి చెయ్యి అందించింది. కుడిన నక్షత్రం, అదీ గాలే, సొంత జాతి, ఇంకా పెంచింది. ఒక్కటంటే ఒక్క శత్రువు పక్కన లేదు. ఓ నాణేల కార్డు పడి ఉంటే, మట్టి కనక ఆ గాలిని కాస్త అణిచేది. అదీ లేదు. అలాంటప్పుడు మాట్లాడమని ఎలా చెప్పనే?"

లెక్కలో తప్పు లేదు. అదే చిన్నదాన్ని మండించింది. ఇంత చక్కగా లెక్క వచ్చిన మనిషి కళ్ళ ముందున్న కార్డుల వరస మార్చి చెప్పిందంటే, అది పొరపాటు కాదు. పెద్దమ్మకి తమ్ముడంటే ప్రాణం. అక్క చూసింది మామయ్య చేసిన తప్పే అయితే? ఆ నోరు మూయించడానికి పెద్దమ్మకంటే అనువైన మనిషి ఎవరు? తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కదా.

"ఇంకోలా పడి ఉంటే?" అంది. "నడుమ కర్రల ఆరు, ఎడమన కత్తుల పది, కుడిన నక్షత్రం. అప్పుడేం చెప్పేదానివి?"

పెద్దమ్మ నవ్వింది. "అప్పుడా! నడుమ నిప్పు, రెండు పక్కలా గాలి. కొలిమికి రెండు తిత్తులు పెట్టినట్టు. గెలుపే గెలుపు. కత్తుల పది పక్కనుందిగా అంటావేమో. అది విషయం కాదు, పొరుగుది. బాధ ఉంటుంది, కాదనను. కానీ ఆ బాధే నిప్పుని ఊదుతుంది. 'వెళ్ళి చెప్పు తల్లీ, కష్టమే కానీ నీ మాట నిలబడుతుంది' అనేదాన్ని. ఎందుకు అడిగావు?"

"అలాగే పడ్డాయి కనక."

కింద ఆవిరి పెట్టె మళ్ళీ బుసకొట్టింది. పెద్దమ్మ నవ్వు అలాగే ఉంది, కళ్ళలోది మాత్రం పోయింది.

"ఏమిటీ?"

"గుడ్డ ఎత్తాను. కోప్పడితే కోప్పడు. నడుమ కత్తులు లేవు పెద్దమ్మా, ఎప్పుడూ లేవు. గాజు కదల్లేదు. ఎవర్ని కాపాడదామని మా అక్కని అబద్ధంతో భయపెట్టావు?"

పెద్దమ్మ గభాల్న బల్ల మీదికి వంగింది. ఆ వంగడంలో ఏదో తేడా ఉంది. మొహం కార్డుల మీదికి కాకుండా కిటికీ వైపుకి తిరిగి, కళ్ళు మూలగా వాలాయి. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, నేరుగా మాత్రం చూడలేదు.

ఆ చూపు చిన్నదానికి కొత్త కాదు. దుకాణానికి నెలకి ఒకరిద్దరు అలాంటివాళ్ళు వస్తారు. కంటి నడిమధ్య చూపు పోయి అంచులు మాత్రమే మిగిలినవాళ్ళు. మనిషి మొహం చూడాలంటే చెవి వైపు చూడాలి వాళ్ళు. చిన్నది పక్కనున్న కట్టలోంచి ఓ కార్డు లాగి పెద్దమ్మ ముందు పట్టుకుంది.

"ఇదేమిటో చెప్పు."

"నాతో ఆటలా?"

"చెప్పు పెద్దమ్మా."

పెద్దమ్మ తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఏదో... పసుపు పచ్చగా ఉంది," అని ఆగిపోయింది.

కార్డు మీద మూడు కప్పులెత్తి ఆడుతున్న ముగ్గురమ్మాయిలున్నారు. చిన్నది దాన్ని మెల్లగా కట్టలో పెట్టేసింది. కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. కుడికన్ను ముందు, ఎడమది తర్వాత. నీ అద్దాలతో బాగయ్యేది కాదులే, పెద్ద డాక్టరే చెప్పాడు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఎవరికీ చెప్పలేదు. చూపు లేనిదాని దగ్గరికి జాతకం చూపించుకోవడానికి ఎవరొస్తారే? కట్ట కలపడానికి, పరచడానికి కళ్ళక్కర్లేదు. పరిచాక, 'ఏం పడ్డాయో పైకి చదువు తల్లీ, నీ నోటితో పలికితేనే ఫలితం' అంటాను. వచ్చినవాళ్ళు అదేదో నియమం అనుకుంటారు. వాళ్ళో, వెంట వచ్చినవాళ్ళో చదువుతారు. నేను లెక్క చెబుతాను."

"అంటే నువ్వు చెప్పింది..."

"విన్నదానికి చెప్పాను. కర్రల ఆరు, కత్తుల పది, నక్షత్రం. ఎడమ నుంచి కుడికి ఆ వరసలోనే విన్నాను." పెద్దమ్మ వేలి మీంచి కొంగు విప్పేసింది. "కార్డులు నిజం చెబుతాయా అంటే, ముప్పై ఏళ్ళైనా నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. కానీ వరస మార్చి చదివిన మనిషి మాత్రం ఏదో నిజం దాస్తోంది."

"ఎవరు చదివారు?"

పెద్దమ్మ నోరు తెరిచింది. అప్పుడే తలుపు తోసుకుని మామయ్య వచ్చాడు. పెద్దమ్మ మాట మింగేసింది.

మామయ్య ఇరవై రోజుల్లో పదేళ్ళు పెద్దవాడయ్యాడు. పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చిన్న తాడుముక్కకి ముడి వేస్తూ విప్పుతూ ఉంటాడు. ఇప్పుడూ అదే చేస్తున్నాడు.

"ఏమిటిద్దరూ కోర్టు పెట్టారు? అసలు కోర్టు మూడింటికి," అన్నాడు.

చిన్నది తిరిగింది. "మామయ్యా, అక్క కార్డులు వేయించుకున్న రోజు నువ్వీ గదిలోనే ఉన్నావు కదా?"

"ఉన్నాను. అయితే?"

"పెద్దమ్మకి కార్డులు చదివింది నువ్వేనా?"

తాడు మీద వేళ్ళు ఆగాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉందే అనుకుంది చిన్నది. కానీ మామయ్య చూస్తున్నది తనని కాదు, పెద్దమ్మని. "పెద్దక్కా, దీనికి తెలిసిపోయిందా కళ్ళ సంగతి?"

"నీకు తెలుసా?" పెద్దమ్మ ఉలిక్కిపడింది.

"నీ మందులు తెచ్చేది ఎవరు? సీసా మీద రాసింది చదవడం వచ్చులే నాకు." అని చిన్నదాని వైపు తిరిగాడు. "నేను చదవలేదు. ఆ మూలన స్టూలెక్కి బల్బు మారుస్తున్నాను. అయినా వాటి పేర్లు నాకేం తెలుసు?"

"ఇవి చూసి చెప్పు." చిన్నది గుడ్డ పూర్తిగా లాగేసింది.

మామయ్య వంగి చూశాడు. "ఇది వీపున పొడిపించుకున్నాయన. ఇది గుర్రం మీద పెళ్ళికొడుకు. ఇది బిందెల పిల్ల."

ఇంకో సమయమైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను విన్నది ఈ పేర్లు కాదు. 'కర్రల ఆరు, కత్తుల పది, నక్షత్రం' అని సరిగ్గా చదివింది. గొంతు వణికింది. భయమనుకున్నాను."

"చదివింది అంటే..."

"మీ అక్కే."

చిన్నదానికి నమ్మబుద్ధి కాలేదు. ఏడ్చింది అక్క. అన్నం మానింది అక్క. తన మెడకి తానే ఉరి పేనుకుంటుందా ఎవరైనా? "కంగారులో కుడిఎడమలు తారుమారు చేసిందేమో. నీకు ఎదురుగా కూర్చుంది కదా."

"ఎదురుగా కూర్చుని కుడిఎడమలు తప్పితే నక్షత్రం ముందు రావాలి, కత్తులు చివర రావాలి, కర్రలు నడుమే ఉండాలి. లెక్కా మారదు," అంది పెద్దమ్మ. "నక్షత్రం చివరే ఉంది. మొదటి రెండే మారాయి. అదొక్కటే అయితే నేనూ పొరపాటే అనుకుందును." ఆగింది. "నేను ఫలితం చెప్పగానే అదో మాటంది. అప్పుడు పట్టించుకోలేదు. 'చివరిది నీళ్ళు కదా పెద్దమ్మా, మొదటిది నిప్పు కదా. అవి రెండూ ఒకదాన్నొకటి ఆర్పుకోవా? నడిమిదానికి అంత బలం ఎక్కడిది?' అంది."

చిన్నది నిలబడ్డ చోటే బల్ల అంచు పట్టుకుంది.

"నేను నవ్వి చెప్పాను," పెద్దమ్మ అంటూనే ఉంది. "బొమ్మలో నీళ్ళు ఒలికితే నీళ్ళైపోతుందా, నక్షత్రంలాంటి పెద్ద కార్డులకి రాశిని బట్టి, గ్రహాన్ని బట్టి తత్త్వం. నక్షత్రానిది కుంభరాశి. కుంభం పేరుకే కుండ, తత్త్వం గాలి అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు ఆలోచిస్తున్నాను, కార్డుల మొహమే చూడని పిల్లకి పక్క కార్డులు ఒకదాన్నొకటి ఆర్పుకుంటాయన్న లెక్క ఎవరు నేర్పారా అని."

"నేనే," అంది చిన్నది.

పదకొండేళ్ళ వయసులో. అక్కకి జ్వరమొచ్చి మంచం దిగని వారం. కొత్తగా నేర్చుకున్న విద్య ఒలకబోయడానికి ఇంకెవరూ దొరక్క, దుప్పటి మీద కార్డులు పరిచి గొప్పలు పోయింది. నడిమి కార్డుకి అటూ ఇటూ ఒకదానికొకటి శత్రువులు పడితే అవి వాటిలో అవి కొట్టుకుని చస్తాయి, నడిమిదాని జోలికి రావని చెప్పింది. అది సరైనదే. బిందెల బొమ్మ చూపించి ఇది నీళ్ళని కూడా చెప్పింది. అది తప్పు. ఆ తర్వాతి నెల పెద్దమ్మ నెత్తిన మొట్టి సరిదిద్దింది. చిన్నది సరిదిద్దుకుంది. అక్కకి వెళ్ళి చెప్పలేదు. అక్క మాత్రం ఆ వారం విన్నదంతా మర్చిపోకుండా దాచుకుంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

"నేను వెళ్ళొస్తాను," అంది.

"దాన్నేమీ అనకే," అని పెద్దమ్మ వెనక నుంచి అరిచింది. మామయ్య తాడుముక్క జేబులో పెట్టుకున్నాడు. అక్క ఏం దాస్తోందో తనకి తెలుసన్నట్టు కాదు, తెలుసుకోవాలంటే భయమన్నట్టు తలవంచుకున్నాడు. మెట్లు దిగుతూ చిన్నది అదీ గమనించింది. ఆ మధ్యాహ్నం ఎవరి ఊపిరి ఎలా ఉందో కూడా గమనిస్తోంది.

నాటకశాల వెనక గుమ్మం రెండు వీధుల అవతల. లోపలికి పోతే సన్నటి నడవా, రెండు వైపులా రంగు వెలిసిన తెరల చుట్టలు. విచారణ పై అంతస్తులో. అక్క దుస్తుల గదిలో ఉంది. నేల మీద కూర్చుని ఓ సైనికుడి కోటు చేతి అంచు విప్పుతోంది. నోట్లో నాలుగు గుండుసూదులు. పైన ఇనుప గొట్టం మీద రాజులూ బిచ్చగాళ్ళూ ఒకే వరసలో వేలాడుతున్నారు.

చిన్నది తలుపు వేసింది. మంచీ చెడూ అడగలేదు.

"నక్షత్రం నీళ్ళా, గాలా?"

అక్క చేయి ఆగింది. తలెత్తకుండానే గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"గాలి," అంది. "ఆలస్యంగా తెలిసింది."

"అయితే కావాలనే మార్చావు."

"పెద్దమ్మ పరిచింది. నడుమ గెలుపు కార్డు. అటు కత్తులు. కత్తులు గాలి కదా, నిప్పుకి స్నేహం. ఇటు బిందెలది. నిప్పుకీ నీళ్ళకీ పడకపోయినా, గాలికీ నీళ్ళకీ స్నేహమే కనక ఆ కత్తులే మధ్యవర్తిలా రెంటినీ కలిపి ఉంచుతాయని నువ్వే చెప్పావు చిన్నప్పుడు. ఎటు చూసినా 'వెళ్ళి చెప్పు' అనే వస్తోంది. చెప్పమంటే చెప్పి తీరాలి, అందరూ అలా ఒప్పుకున్నాం." అక్క కోటుని ఒళ్ళోకి లాక్కుంది. "లేని కార్డు పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నవే చెప్పాను, వరస ఒక్కటే మార్చాను. కత్తుల్ని నడుమకి తెస్తే అటు నిప్పు, ఇటు నీళ్ళు పడతాయి. అవి ఒకదాన్నొకటి ఆర్పుకుంటాయి, కత్తులకి బలం రాదు, పోదు. 'ఇప్పుడు వద్దులే, కాస్త బాధ' అంటుందనుకున్నాను. దానికి పెద్దమ్మ సర్వనాశనమంది. నేను కట్టిన అబద్ధమే, నాకే భయమేసింది."

"పెద్దమ్మకి కళ్ళు కనబడవని నీకెప్పుడు తెలుసు?"

"నీళ్ళు పోసేటప్పుడు గ్లాసులో వేలు పెట్టి చూసుకుంటుంది. చూసేవాళ్ళకి తెలుస్తుంది. నువ్వు ఊరందరి కళ్ళూ చూస్తావు."

దెబ్బ సరిగ్గా తగిలింది. చిన్నది దాన్ని పక్కన పెట్టింది. "ఎవర్ని కాస్తున్నావక్కా? మామయ్యనేనా? ముడి సరిగా వేయలేదా ఆయన? చూశావా? చెప్పు. ఆ నర్తకి మళ్ళీ నిలబడుతుందో లేదో ఎవరికీ తెలీదు. నువ్వు నోరు మూసుకుంటే..."

"మామయ్య వేసిన ముడి చూశాను," అంది అక్క. "ముందురోజు సాయంత్రం. ఆయన ముడి వేసి, లాగి చూసి, ఇసుక మూట తాడు కొక్కేనికి రెండు చుట్లు చుట్టి దిగిపోయాడు. ఏ తప్పూ లేదు."

"మరి చెప్పొచ్చుగా! ఆయన పని ఆయనకొస్తుంది!"

"చెబితే, తర్వాత ఎవరెక్కారని అడుగుతారు."

"ఎవరెక్కారు?"

అక్క మొదటిసారి తలెత్తింది. చిన్నదాని మొహంలోకి అంత సూటిగా ఆమె చూసి ఇరవై రోజులైందని చిన్నదానికి అప్పుడు అర్థమైంది.

"ఆ సాయంత్రం పెద్ద దీపం అద్దం పగిలిందని మీ దుకాణానికి కబురెళ్ళింది. కొత్త అద్దం పట్టుకుని వచ్చింది ఎవరే?"

"నేను," అంది చిన్నది.

"నేను కింద తెర అంచు కుడుతున్నాను. నువ్వు పైన ఆ సన్నటి బల్ల మీద కూర్చుని అద్దం బిగించావు. కాళ్ళకి ఆ తాడు అడ్డం వచ్చింది. ఓ చుట్టు విప్పావు. తర్వాత రెండోదీ విప్పి పక్కకి తోశావు. నా సూదిలో దారం అయిపోయి నేను తల తిప్పాను. మళ్ళీ చూసేసరికి నువ్వు మెట్లు దిగుతున్నావు." అక్క గొంతు గుసగుసలోకి దిగింది. "తిరిగి చుట్టావా? నేను చూడలేదు. ఇరవై రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నాను. తిరిగి చుట్టావని నాకు నేను చెప్పుకుంటాను. కాసేపాగి నాకే నమ్మకం ఉండదు."

చిన్నది కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రాన్ని పట్టుకుందామని చూసింది. కొత్త అద్దం చల్లదనం గుర్తుంది. మరలు నాలుగూ బిగించినట్టు గుర్తుంది. దీపం వెలిగించి చూస్తే వెలుగు గుండ్రంగా, అంచు చెదరకుండా పడినట్టు గుర్తుంది. తాడు గుర్తుంది. గరుకుగా, ఆముదం వాసనతో. దాన్ని విప్పినట్టూ గుర్తుంది. ఆ తర్వాత చేతులు ఏం చేశాయో ఎంత తడిమినా దొరకలేదు. పొద్దుటి నుంచి పెద్దమ్మని అనుమానించింది, మామయ్యని అనుమానించింది, అక్కని అనుమానించింది. ఇప్పుడు తన రెండు చేతులూ ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

"నువ్వు ఎందుకు నన్ను అడగలేదు?"

"అడిగితే, 'తెలీదు' అంటావని. ఇప్పుడు నీ మొహంలో ఉన్నదే చూడాల్సొస్తుందని."

తలుపు మీద ఎవరో రెండుసార్లు కొట్టారు. విచారణ గది నుంచి దిగి వచ్చిన గుమస్తా గొంతు: "దుస్తుల గది అమ్మాయీ, మిమ్మల్ని పిలుస్తున్నారు. ఒక్కరే సాక్షి, తొందరగా రమ్మన్నారు."

అక్క కోటు పక్కన పెట్టి, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వేమీ మాట్లాడకు. నాకేం తెలీదని చెప్పేసి వస్తాను. కార్డులు వద్దన్నాయి కదా."

"కార్డులు చెప్పమన్నాయి," అంది చిన్నది.

ఆ చెయ్యి విడిపించుకుని, అక్క లేచేలోపే తలుపు తీసింది. గుమస్తా ఆమెని ఎగాదిగా చూసి కాగితంలోకి చూశాడు.

"మీరు సాక్షి కాదే?"

"కాను," అంది చిన్నది. "విచారణ గదికి మెట్లెటు?"